గచ్చు పగులు, గోడ కింద ఊడిన ప్లాస్టింగ్ – ఇంట్లోనే చేసుకోడానికి సిమెంటు, ఇసక, నీళ్ళు ఎంతెంత?

ఆమదాలవలస కుర్రాడు
అందరికీ నమస్కారం. మా ఊరింట్లో హాల్లో సిమెంటు గచ్చు మీద గుమ్మం దగ్గర్నుంచి కిటికీ వైపు ఎనిమిది అడుగుల పొడవునా పగులు వచ్చింది, వెడల్పు కొన్ని చోట్ల రూపాయి బిళ్ళ దూరేంత, కొన్ని చోట్ల గీతలాగే ఉంది. అదే గదిలో గోడ కింద ప్లాస్టింగ్ ఊడిపోయింది, నాలుగడుగుల పొడవు రెండున్నర అడుగుల ఎత్తు ఉంటుంది, ఇటుక కనపడుతోంది. ఇంత చిన్న పనికి మేస్త్రి రావట్లేదు, వచ్చినా పూర్తి రోజు కూలీ, పైన హెల్పర్ కూలీ అడుగుతున్నారు. పండక్కి సెలవు పెట్టి వస్తున్నాను కాబట్టి నేనే చేద్దామనుకుంటున్నా. వీడియోల్లో ఒకడు సిమెంటు ఒకటికి ఇసక మూడు అంటాడు, ఒకడు ఒకటికి ఆరు అంటాడు, నీళ్ళ మాటెత్తితే "సరిపడా" అంటారు, ఆ సరిపడా అంటే ఎంతో ఎవరూ చెప్పరు. నాగావళి ఇసక పెరట్లో ఒక కుప్ప ఉంది, వానకి తడిసింది. ఎవరైనా కొలతల్తో చెప్తారా?

చీపురుపల్లి శ్రీను
బ్రో సింపుల్. రెండిటికీ ఒకటికి మూడు కొట్టు. ఇంకా గట్టిగా కావాలంటే ఒకటికి రెండు. చిన్న పనే కదా సిమెంటు ఎంత ఖర్చవుతుంది, ఎక్కువ వేస్తే ఎక్కువ గట్టి. గచ్చు అయిపోయాక పైన పొడి సిమెంటు జల్లి తాపీతో నున్నగా తోసేయ్, అద్దంలా వస్తుంది. మా ఇంట్లో అలాగే చేశారు.

పలాస జీడి
మాది కూడా ఇదే ప్రాబ్లం. తిత్లీ తుఫాను అయిన దగ్గర్నుంచి మా స్లాబు మీద పగుళ్ళు, వానొస్తే బెడ్రూం సీలింగ్ నుంచి కారుతుంది. పైన ఎన్నిసార్లు సిమెంటు పూసినా మళ్ళీ కారుతుంది. దీనికి ఏ రేషియో వాడాలి? వాటర్‌ప్రూఫ్ పౌడర్ కలిపితే ఆగుతుందా?

తాపీ మేస్త్రి రాజాం
పలాస బాబూ, నువ్వడిగింది వేరే. ఆయనది నేల మీద గచ్చు, నీది ఎండా వానా తగిలే స్లాబు, పగలు సాగుతాది రాత్రి ముడుచుకుంటాది, దాని మీద సిమెంటు ఎంత పూసినా ఆ పగులు దగ్గరే మళ్ళీ విరుగుతాది. దానికి వేరేగా పోస్టు పెట్టు, సూసి సెప్తాను. ఇక్కడ కలిపేస్తే ఈ అబ్బాయికి అయోమయం.

శ్రీను గారూ, గచ్చుకి ఒకటికి మూడు అన్నది కరెక్టే. గోడకి మాత్రం కాదు. సిమెంటు ఎక్కువ వేస్తే గట్టిగా ఉంటాదన్నది నిజమే గానీ ఎక్కువ ముడుచుకుంటాది కూడా. ఆరినప్పుడు ముడుచుకునేది సిమెంటు పేస్టే, ఇసక ముడుచుకోదు. ఒకటికి రెండు కలిపి గోడకి కొడితే వారం తిరక్కుండానే సాలెగూడులాగ సన్నని పగుళ్ళొస్తాయి, ఇంకొన్ని రోజులకి తట్టి సూస్తే డొల్ల శబ్దం. సిమెంటూ ఇసకా కలిపిన మాలు గట్టిది, వెనకాల పాత ఇటిక మెత్తటిది, ముడుచుకునేటప్పుడు అది ఇటికని పట్టుకుని నిలబడలేదు, వదిలేస్తాది. ఇలగ వదిలేసినవి నా చేత్తో ఎన్నో చెక్కాను. లోపలి గోడకి ఒకటికి నాలుగు చాలు. కొత్త గోడయితే ఒకటికి ఐదు, ఆరు కూడా కొడతాము, చిన్న అతుకు కాబట్టి అంచులు పట్టాలని నాలుగు అంటున్నాను.

పొడి సిమెంటు జల్లడం మాత్రం మానెయ్. పైకి తేలిన నీళ్ళని ఆ పొడి పీల్చుకుంటాది, పైన పలచటి పొర ఒకటి తయారవుతాది, అద్దంలాగే ఉంటాది, ఆరు నెల్లకి చీపురు పెట్టి ఊడిస్తే పొడి రాలుతాది. నీళ్ళు తేలాయంటే మాలులో నీళ్ళెక్కువయ్యాయని అర్థం, ఆ నీళ్ళు ఆరేదాకా ఆగాలి గానీ సిమెంటుతో ఆర్పకూడదు.

ఆమదాలవలస బాబూ, ముందు ఒకటి సెప్పు. ఆ పగులుకి రెండు పక్కలా గచ్చు ఒకే ఎత్తులో ఉందా, ఒక పక్క కిందకి దిగిందా? సుత్తి ఎనకతో పగులు ఎంబడి తట్టి సూడు, డొల్లగా మోగుతోందా? గోడ కింద ఊడిన చోట తెల్లగా ఉప్పు పేరుకుందా?

ఆమదాలవలస కుర్రాడు
నాన్నకి ఫోన్ చేసి చూడమన్నాను మేస్త్రి గారూ. రెండు పక్కలా ఒకే ఎత్తు, అడ్డంగా స్కేలు పెడితే ఊగలేదట. గుమ్మం దగ్గర ఒక మూడడుగులు మాత్రం డొల్ల శబ్దం వస్తోంది, మిగతాది గట్టిగానే ఉంది. గోడ కింద కొంచెం తెల్లగా బూజులాగా ఉందట, తుడిస్తే పోతోంది.

తాపీ మేస్త్రి రాజాం
ఒకే ఎత్తులో ఉంటే మంచిదే. కింద నింపిన మట్టి కుంగితే ఒక పక్క దిగుతాది, అలాంటప్పుడు పగులు మూసినా మళ్ళీ తెరుసుకుంటాది. అయినా ఈ రోజే పెన్సిల్తో పగులు రెండు చివర్లా ఒక్కో గీత పెట్టి తారీఖు రాయమను, మధ్యలో వెడల్పు కూడా ఎక్కడో ఒక చోట కొలిచి రాసుకోమను. నువ్వు వచ్చేలోపు గీత దాటి సాగిందంటే ఆగిపో, ఇంకా కదులుతోందని అర్థం.

డొల్ల మోగిన మూడడుగులూ మాలుతో మూసి లాభం లేదు, కింద పట్టు లేదు కదా. ఆ ముక్క మొత్తం తీసెయ్యాలి, గట్టిగా మోగే దాకా చెక్కాలి. అది కొత్తగా వెయ్యాలి. మిగతా ఐదడుగులు పగులు ఎంబడి గాడి తియ్యాలి.

తెల్ల బూజు అంటే ఉప్పు, నేల్లోంచి తేమ ఎక్కుతోంది. దాని సంగతి తరవాత మాట్లాడదాము, అది పెద్ద ఇసయం.

సైట్ సూపర్వైజర్ విజీనారం
నీళ్ళ గురించి నేను చెప్తాను. బస్తా 50 కేజీలు, దానికి 25 లీటర్లు నీళ్ళు. అంటే సిమెంటు బరువులో సగం. మేం సైట్లో ఇదే ఫాలో అవుతాం. కొలిచి పొయ్యండి, దీనికి మించి ఒక్క లీటరు కూడా వద్దు, నీళ్ళెక్కువైతే బలం పోతుంది. ఒక బస్తా సిమెంటు 35 లీటర్ల వాల్యూం వస్తుంది, దాన్ని బట్టి డబ్బాల్లోకి మార్చుకోవచ్చు.

తాపీ మేస్త్రి రాజాం
సూపర్వైజర్ గారూ, 35 లీటర్లు కరెక్టే, నీళ్ళెక్కువైతే బలం పోతుందన్నదీ నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఆ 25 లీటర్లు కాంక్రీటు లెక్క. ఒకటికి నాలుగు ప్లాస్టింగ్ మాలులో అంతే పోస్తే తాపీ మీద పొడిపొడిగా ఉంటాది, గోడకి అంటదు. ఇసక ఎక్కువయ్యే కొద్దీ దాన్ని తడపడానికి నీళ్ళు ఎక్కువ కావాలి, ఒకటికి ఆరు అయితే ఇంకా ఎక్కువ. రెండోది ఏటంటే, ఈ అబ్బాయి ఇసక వానకి తడిసింది. ఇసకలో నీళ్ళు ముందే ఉన్నాయి, వాటిని లెక్కలో తియ్యకపోతే మీ 25 లీటర్లూ 30 అయిపోతాయి.

లెక్క సెప్తాను సూడు బాబూ. గోడ ముక్క నాలుగడుగులు ఇంటూ రెండున్నర, పది చదరపడుగులు. మందం పదిహేను మిల్లీమీటర్లు అనుకుందాము. తడి మాలు పద్నాలుగు లీటర్లు పడుతుంది. పొడిగా కలిపింది తడిపితే కుంగిపోతాది, కొంత కింద రాలుతాది, కొంత ఇటికల సందుల్లోకి పోతాది, అందుకని పొడి సరుకు 20 లీటర్లు పెట్టుకో. నాలుగు లీటర్ల ఖాళీ పెయింటు డబ్బా ఉంటే అదే నీ కొలత. ఒక డబ్బా సిమెంటు, నాలుగు డబ్బాల ఇసక. ఆ డబ్బా సిమెంటు ఐదున్నర, ఆరు కేజీల మధ్య తూగుతాది.

నీళ్ళు మొత్తం మూడున్నర లీటర్లు పట్టొచ్చు. తడిసిన ఇసక నాలుగు డబ్బాల్లో ఒక లీటరు దాకా నీళ్ళు దాక్కుని ఉంటాయి. అంటే నువ్వు పొయ్యాల్సింది రెండున్నర లీటర్లు. ముందు రెండు లీటర్లు పొయ్యి, ఆపి కలుపు, తర్వాత కొద్దికొద్దిగా. ఈ అంకెలు ఎక్కడ మొదలుపెట్టాలో సెప్పడానికే, ఎక్కడ ఆపాలో నీ తాపీ సెప్తాది. ఒక తాపీ నిండా మాలు తీసి వంచు. మెల్లగా జారాలి, నీళ్ళు మాత్రం అంచుల్లోంచి కారకూడదు. కారితే ఎక్కువయ్యాయి, అప్పుడు పిడికెడు సిమెంటు వేసి సరిచెయ్యకు, సిమెంటూ ఇసకా రెండూ అదే లెక్కన పొడిగా కలిపి వెయ్యాలి.

బొబ్బిలి వీణ
మేస్త్రి గారూ ఒక డౌటు. తడిసిన ఇసక డబ్బాతో కొలిస్తే పొడి ఇసక కొలత వస్తుందా? మా అన్నయ్య వాళ్ళింట్లో ప్లాస్టింగ్ అప్పుడు ఒకాయన "తడి ఇసక ఉబ్బుతుంది, ఇంకో తట్ట వెయ్యండి" అని గొడవ పడ్డాడు, మాకెవరికీ అర్థం కాలేదు. తడిస్తే బరువై కుంగాలి గానీ ఉబ్బడం ఏంటని.

తాపీ మేస్త్రి రాజాం
ఆయన సరిగ్గా సెప్పారు అమ్మా. కొంచెం తడి ఉన్న ఇసకలో గింజ చుట్టూ నీటి పొర ఉంటాది, గింజలు ఒకదాన్నొకటి దూరంగా ఉంచుతాయి, మధ్యలో గాలి. అందుకే అదే ఇసక డబ్బాలో ఎక్కువ చోటు తింటాది. సన్న ఇసకయితే ఇంకా ఎక్కువ ఉబ్బుతాది. పూర్తిగా నీళ్ళల్లో ములిగిపోతే మళ్ళీ కుంగిపోయి పొడి ఇసక కొలతకే వస్తాది.

ఇంట్లో సూడొచ్చు. ఒక నిలువు గ్లాసులో తడి ఇసక పోసి నొక్కకుండా స్కేలుతో ఎత్తు కొలువు, పది సెంటీమీటర్లు అనుకో. ఆ ఇసక పక్కన పోసి, గ్లాసులో సగం నీళ్ళు పోసి, ఇసక మెల్లగా వేస్తూ పుల్లతో కదుపు. నిలబడ్డాక మళ్ళీ కొలువు. ఎనిమిది వచ్చిందా, నీ ఇసక పావు వంతు ఉబ్బి ఉంది. అంటే నువ్వు నాలుగు డబ్బాలు వేశాననుకుంటావు, నిజంగా పడింది మూడూ పైన కొంచెం. నాలుగు కావాలంటే ఐదు డబ్బాలు వెయ్యాలి. ఇది తెలీక వానాకాలంలో ఒకటికి నాలుగు అని కలిపి ఒకటికి మూడు కొట్టి, పగిలిపోతే సిమెంటు కంపెనీని తిడతారు.

సైట్ సూపర్వైజర్ విజీనారం
ఇది ఒప్పుకుంటున్నా. మేం సైట్లో కొలత పెట్టెలు నింపేటప్పుడు తడి ఇసకకి ఎక్స్‌ట్రా కలుపుతాం. నీళ్ళ లెక్కలో మాత్రం నేను ఇంకా నా మాట మీదే ఉన్నా, కొత్తవాళ్ళకి "తాపీ చెప్తుంది" అంటే రెట్టింపు పోసేస్తారు. కొలత ఇవ్వాలి.

తాపీ మేస్త్రి రాజాం
కొలత ఇచ్చాను కదా సార్, రెండు లీటర్లతో మొదలు. ఆపడం మాత్రం కంటితోనే.

భావనపాడు తీరం
మాది సముద్రం ఒడ్డు. ఇసక కొనడం ఎందుకు, ఇంటి వెనకాలే దిబ్బలున్నాయి. కడిగేసి వాడితే ఏమవుతుంది? మా చిన్నాన్న వాళ్ళు గొడ్లపాక గోడకి అదే వాడారు, నిలబడే ఉంది.

బొబ్బిలి వీణ
ఆ గోడకి ఎప్పుడూ చెమ్మగా, తెల్లగా ఉండట్లేదా అన్నా? మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో అలాంటి ఇల్లు చూశాను, వేసవిలో కూడా గోడ తడిగానే, రంగు వేస్తే పొట్టు లేచిపోయేది.

తాపీ మేస్త్రి రాజాం
ఉప్పు గాల్లో తేమని లాగుతూనే ఉంటాది, అందుకే ఆ చెమ్మ. ఇనుము తగిలిన చోట తుప్పు. నాలుగు బిందెలు పోసి కడిగితే ఉప్పు పూర్తిగా పోదు. పైగా సముద్రపు ఇసక గింజలన్నీ ఒకే సైజులో సన్నగా ఉంటాయి, పెద్ద గింజ సన్న గింజ కలిసి ఉంటేనే మాలు దిట్టంగా కూర్చుంటాది. పాకకి సరే, మనుషులుండే ఇంటికి వద్దు. నీళ్ళు కూడా అంతే, బోరు ఉప్పగా ఉంటే తాగే నీళ్ళు తెచ్చి కలుపు.

నాగావళి, వంశధార ఇసక మంచిదే గానీ ఏ రేవులో తీశారన్నదాన్ని బట్టి బురద ఉంటాది. ఇసక చేత్తో నలిపి సూడు, అరచెయ్యి మట్టి రంగు అంటుకుంటే కడగాలి. ఇంకా నమ్మకం లేకపోతే సీసాలో ఇసక, నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి మూడు గంటలు కదపకుండా ఉంచు. ఇసక పైన మెత్తటి బురద పొర కనపడుతాది. ఇసకలో పన్నెండో వంతు కంటే తక్కువుంటే పర్లేదు. పెరట్లో కుప్ప కాబట్టి ఆకులు, కోళ్ళ రెట్ట ఉంటాయి, జల్లించకుండా వాడొద్దు. ప్లాస్టింగుకి సన్న జల్లెడ, గచ్చుకి మాత్రం గరుకు ఇసకే కావాలి, మరీ సన్నది చేస్తే గచ్చు పగులుతాది.

ఆమదాలవలస కుర్రాడు
చాలా క్లియర్‌గా అర్థమవుతోంది, థాంక్స్. గచ్చు గాడి సంగతి చెప్పండి. ఎంత వెడల్పు, ఎంత లోతు, మాలు ఎంత?

తాపీ మేస్త్రి రాజాం
పగులు మీదే మాలు రుద్దితే పని అవ్వదు. పలచటి అంచు కాలు పడగానే పెళుసుగా ఎగిరిపోతాది. పగులు మధ్యలో ఉండేలాగ రెండు గీతలు గీసి, ఉలి, సుత్తితో అంగుళంన్నర వెడల్పున, అంగుళం పైన లోతున గాడి తియ్యి. అంచులు నిటారుగా ఉండాలి, వీలైతే లోపలికి వెళ్ళేకొద్దీ కొంచెం వెడల్పు అయితే ఇంకా మంచిది, మాలు ముక్క బయటికి లేవదు. నోరు వెడల్పుగా అడుగు సన్నగా తవ్వితే ఆ ముక్క చీలలాగ లేచి వచ్చేస్తాది. కళ్ళకి అద్దాలు పెట్టుకో, ముక్కు కట్టుకో.

తర్వాత దుమ్ము. సగం అతుకులు ఇక్కడే పాడవుతాయి. బ్రష్షుతో తుడువు, మళ్ళీ తుడువు, నీళ్ళు పోసి కడుగు. ముందు రోజు రాత్రి తడిపి ఉంచు. పొద్దున్న గాడి తడిగా ఉండాలి, అడుగున నీళ్ళు నిలవకూడదు, గుడ్డతో అద్దెయ్యి. పొడిగా ఉంటే పాత గచ్చు మాలులో నీళ్ళు పీల్చేస్తాది, అంచులు పిండిలాగ అయిపోతాయి. నీళ్ళు నిలిస్తే అడుగున మాలు పలచబడి పట్టు ఉండదు.

అప్పుడు వట్టి సిమెంటులో నీళ్ళు పోసి సిమెంటు పాలు చిక్కగా కలిపి బ్రష్షుతో గాడి లోపల అంతా పులమాలి. అది ఆరకముందే మాలు పడాలి. ఎక్కువ దూరం పులిమి ఫోన్ మాట్లాడుతూ కూర్చుంటే ఆ పాలు ఆరి, అదే వదిలిపోయే పొర అవుతాది. రెండడుగులు పులుము, రెండడుగులు నింపు.

మాలు ఒకటికి మూడు. పొడవు ఎనిమిదడుగులూ గాడి అనుకున్నా మూడు లీటర్ల తడి మాలే పడుతుంది. లీటరు మగ్గుతో మగ్గున్నర సిమెంటు, నాలుగున్నర మగ్గుల ఇసక కలిపితే ఎక్కువే ఉంటాది. నీళ్ళు ముప్పావు లీటరుతో మొదలుపెట్టు, లీటరు దాటకు, తడి ఇసకయితే అంత కూడా పట్టదు. ఇది ప్లాస్టింగ్ మాలులాగ జారకూడదు. గుప్పెట్లో పట్టి పిసికితే ఉండ నిలవాలి, అరచెయ్యి తడవాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు రాకూడదు. గాడిలో వేసి చెక్కముక్కతో గట్టిగా కొట్టి కూర్చోబెట్టు, ఒకేసారి నింపకు, రెండు వరసలు.

డొల్ల తీసిన మూడడుగుల చోట లోతు అంగుళంన్నర దాటితే వట్టి మాలు వెయ్యొద్దు. సన్న రాతి చిప్స్ కలిపి సిమెంటు ఒకటి, ఇసక రెండు, చిప్స్ నాలుగు లెక్కన కొట్టు, పైన అర అంగుళం మాత్రం ఒకటికి మూడు, కింద కాంక్రీటు పచ్చిగా ఉండగానే. మందంగా వట్టి మాలు వేస్తే ముడుచుకుని అంచుల దగ్గర సన్నగా విడిపోతాది.

చీపురుపల్లి శ్రీను
సరే మేస్త్రి గారూ, పొడి సిమెంటు వద్దన్నారు, మరి నున్నగా ఎలా వస్తుంది?

తాపీ మేస్త్రి రాజాం
ఓపిక. చెక్కతో సమం చేసి వదిలెయ్. మీద నీటి మెరుపు పోయి, వేలితో నొక్కితే చిన్న గుర్తు పడి వేలికి మాలు అంటకుండా ఉన్నప్పుడు ఇనప తాపీతో నొక్కి లాగు. ఈ ఎండల్లో గంట, గంటన్నర పడుతుంది, చలికాలం పొద్దున్నయితే రెండు మూడు గంటలు. ముందే నున్నగా చేద్దామని పదేపదే రుద్దితే సన్న సరుకంతా పైకి వచ్చేస్తాది, జల్లిన దానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు.

కలిపిన మాలు అరగంటలో వాడెయ్యాలి. కొత్తవాళ్ళు నెమ్మదిగా చేస్తారు కాబట్టి గోడకి కూడా మొత్తం ఒకేసారి కలపకు, పొడిగా అంతా కలిపి పెట్టుకుని అందులో సగానికి సగం నీళ్ళే పొయ్యి. బిగిసిన మాలులో నీళ్ళు పోసి మళ్ళీ కదపొద్దు, మెత్తబడినట్టు కనపడుతాది గానీ పట్టు పోయినట్టే.

సైట్ సూపర్వైజర్ విజీనారం
ఒకటి యాడ్ చేస్తా. వట్టి సిమెంటు పాల బదులు ఎస్‌బీఆర్ అనే రబ్బరు పాల లాంటి లిక్విడ్ వాడండి, అది నీళ్ళూ సిమెంటుతో కలిపి పులిమితే పాత కొత్త బాగా అతుక్కుంటాయి. మేం రిపేర్లన్నిటికీ అదే వాడతాం. వట్టి సిమెంటు పాలు పాత పద్ధతి.

తాపీ మేస్త్రి రాజాం
అంగుళం లోతు గాడికి అవసరం లేదంటాను. అర అంగుళం కూడా లేని పలచటి అతుకయితే ఒప్పుకుంటాను, అక్కడ అది పనికొస్తాది.

సైట్ సూపర్వైజర్ విజీనారం
లోతు ఎంతైనా పాత గచ్చు నూనె, ఫినాయిలు, మైనం పీల్చి ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. చిన్న డబ్బా ఖర్చుకి రిస్కు ఎందుకు అంటాను. ఇద్దరం ఒప్పుకోం కాబట్టి కుర్రాడే తేల్చుకోవాలి.

బొబ్బిలి వీణ
గీతలాగా ఉన్న పగుళ్ళు కూడా తవ్వాలా? మా వంటింట్లో వెంట్రుకంత పగుళ్ళు చాలా ఉన్నాయి, ఏళ్ళ నుంచీ అలాగే ఉన్నాయి, పెరగట్లేదు.

తాపీ మేస్త్రి రాజాం
వద్దమ్మా. ఇసక గింజే దూరని సందులోకి మాలు ఎలా పోతాది. పెరగకుండా, డొల్ల మోగకుండా ఉంటే వదిలెయ్యి. మరీ మురికి చేరుతోందంటే తడిపి చిక్కటి సిమెంటు పాలు రుద్ది, తడి గుడ్డతో పైది తుడిచెయ్.

ఆమదాలవలస కుర్రాడు
ఇంకో విషయం. ఊళ్ళో సామాన్ల షాపులో సిమెంటు కేజీల లెక్కన అమ్ముతారు. పది కేజీలు చాలు కదా నాకు, బస్తా కొనాలా?

తాపీ మేస్త్రి రాజాం
తెరిచిన బస్తాలోంచి ఇస్తారు, అది ఎన్నాళ్ళ కిందట తెరిచారో అడుగు. చెయ్యి లోపలికి పెడితే చల్లగా ఉండాలి, వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా పిండిలాగ ఉండాలి, గరుకుగా ఉండలు తగిలాయంటే తీసుకోకు. ఉండలు జల్లించి వాడొచ్చనుకుంటారు, గాలి తేమ తగిలి అది అప్పటికే కొంత పని అయిపోయిన సిమెంటు. మన వైపు వానాకాలం తేమకి బస్తా తెరవకుండా ఉన్నా మూడు నెలలు దాటితే బలం తగ్గిపోతాది, బస్తా మీద వారం, సంవత్సరం వేసి ఉంటాది, సూసుకో. బూడిద కలిసిన పీపీసీ సిమెంటు అయినా స్లాగ్ సిమెంటు అయినా ఈ పనికి బాగుంటాయి, కాకపోతే నెమ్మదిగా బలపడతాయి, తడపడం పది రోజులు ఉంచు. అవేవీ కలపని ఓపీసీ అయితే ఏడు రోజులు.

గోడ పనిలో ఇంకో రెండు ముక్కలు. ఊడిన చోటు అంచులు వంకరటింకరగా వదలొద్దు, తట్టి సూసి డొల్ల మోగినంత మేరా తీసేసి నిటారుగా నలుచదరంగా చెక్కు. ఇటికల సందుల్లో పాత మాలు అర అంగుళం లోతుకి గీకు, కొత్తది పట్టడానికి. గోడని ముందు రోజు తడిపి పొద్దున్న మళ్ళీ ఒకసారి చిలకరించు. మాలు తాపీతో విసిరి కొట్టాలి, పులమకూడదు, విసిరితే గాలి బయటికి పోతాది. ఇరవై మిల్లీమీటర్లు దాటే లోతయితే రెండు పూతలు, మొదటిది గీతలు పెట్టి వదిలి మర్నాడు రెండోది. బద్దతో అంచు నుంచి అంచుకి లాగు, ఎక్కువ తక్కువలు కనపడతాయి.

పలాస జీడి
వేరే పోస్టు పెట్టాను మేస్త్రి గారూ, స్లాబు గురించి, ఫొటోల్తో. టైం ఉన్నప్పుడు చూడండి.

ఆమదాలవలస కుర్రాడు
పండగ వెళ్ళాక అప్డేట్. నాన్న పెట్టిన పెన్సిల్ గీతలు దాటి పగులు సాగలేదు, అందుకని చేశాను. గ్లాసు టెస్టులో ఇసక పావు వంతు కంటే కొంచెం తక్కువే ఉబ్బింది, అందుకని నాలుగు డబ్బాల పైన ముప్పావు డబ్బా కలిపాను. గోడకి నీళ్ళు రెండు లీటర్లు పోసి, తర్వాత కొద్దికొద్దిగా పోస్తూ ఆపి చూసుకుంటే మీరన్న రెండున్నర దగ్గరే ఆగింది. గచ్చు గాడికి ముప్పావు లీటరు కూడా పూర్తిగా పట్టలేదు, ఉండ నిలిచింది. గుమ్మం దగ్గర చెక్కితే రెండంగుళాల లోతు వచ్చింది, కింద ఇసక వదులుగా ఉంది, తడిపి దిమ్మిస కొట్టి చిప్స్ వేసి కాంక్రీటు వేశాను. ఎస్‌బీఆర్ ఊళ్ళో దొరకలేదు, సిమెంటు పాలే పులిమాను. గోనె సంచులు పరిచి అమ్మ రోజూ నీళ్ళు పోస్తోంది. ఇప్పటికి గచ్చు తట్టితే గట్టిగానే మోగుతోంది, అంచుల దగ్గర విడిపోలేదు.

గోడ మాత్రం నమ్మకంగా లేదు. ప్లాస్టింగ్ సమానంగా ఆరట్లేదు, కింద అడుగు ఎత్తు వరకూ ఎప్పుడూ ముదురుగానే ఉంటోంది.

తాపీ మేస్త్రి రాజాం
గచ్చు బాగా చేశావు బాబూ. గుమ్మం దగ్గర కింద ఇసక ఎందుకు వదులయిందో సూడు, బయట మెట్టు పక్కన వాన నీళ్ళు లోపలికి పోతున్నాయేమో. అది ఆగకపోతే ఆ చోట మళ్ళీ కుంగొచ్చు.

గోడ ముదురు రంగు నీ మాలు తప్పు కాదు, నేను ముందు సెప్పిన తేమే. తడపడం ఆపాక కూడా నెలకి ఆరకపోతే పునాది దగ్గర తేమ ఆపే పొర లేదనో, పోయిందనో. నీ ప్లాస్టింగ్ గట్టిదైతే ఆ తేమ బయటికి రాలేక పైకి ఎక్కి, అతుకు పైన పాత ప్లాస్టింగుని ఊడగొడుతుంది. అప్పటిదాకా దాని మీద రంగు, పుట్టీ వెయ్యొద్దు, గోడకి ఊపిరాడనీ. బయట వైపు నేల గచ్చు కంటే ఎత్తుగా ఉందా, గోడకి ఆనించి మట్టి పోసి ఉందా, సూసి సెప్పు.

సైట్ సూపర్వైజర్ విజీనారం
బయట గోడకి ఆనుకుని కందకం తవ్వి బిటుమెన్ కొడితే ఆగొచ్చు. కానీ చూడకుండా గ్యారంటీ ఇవ్వలేను.

ఆమదాలవలస కుర్రాడు
బయట పూల మొక్కల మడి ఉంది, మట్టి గచ్చు కంటే జానెడు ఎత్తే. అమ్మ రోజూ నీళ్ళు పోస్తుంది వాటికి. ముందు అది తీయిస్తాను.

బొబ్బిలి వీణ
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి. మా నడవలో పాత ఎర్ర గచ్చు, తాతగారి కాలం నాటిది, రోకలి పడి ఒక చోట పగిలి ముక్క లేచింది. ఇదే పద్ధతిలో వేస్తే ఎర్ర రంగు కలుస్తుందా?

తాపీ మేస్త్రి రాజాం
పద్ధతి ఇదే అమ్మా, అంచులు నిటారుగా చెక్కడం, దుమ్ము, తడి, పాలు అన్నీ ఇవే. ఎర్ర పొడిని పొడి సిమెంటులోనే ముందు బాగా కలిపి జల్లించు, నీళ్ళల్లో కాదు. సిమెంటు బరువులో పదో వంతు దాటనివ్వకు, దాటితే రంగు పెరగదు, బలం తగ్గుతాది. ముందు చిన్న పెంకు మీద వేసి పూర్తిగా ఆరాక పాత గచ్చు పక్కన పెట్టి సూడు, తడిగా ఉన్నప్పుడు ఏ రంగూ నమ్మకు. పాత ఎరుపుతో అచ్చంగా కలవడం మాత్రం నాకెప్పుడూ కుదరలేదు. ముక్క ఎంత ఉంది, లేచిన ముక్క దాచి పెట్టారా? అది ఉంటే అదే మళ్ళీ అతికే దారి ముందు సూద్దాము.